సంస్థాగత భావప్రసారం: అవరోధాలు, నియత, అనియత మార్గాలు, గ్రేప్‌వైన్ (బహుళైచ్ఛిక ప్రశ్నలు, జవాబులు)

నల్లగొండలోని బి.కాం. విద్యార్థుల పునశ్చరణ కోసం ఈ ప్రశ్నలు తయారు చేశాను. నిర్వచనాలు పొల్లుపోకుండా అప్పజెప్పేవారు సైతం సందర్భం ఇచ్చి అడిగితే తడబడుతున్నారు కనుక, ఎక్కువ ప్రశ్నలను మన చుట్టూ జరిగే పనులనుంచే తీసుకున్నాను. ప్రతి ప్రశ్నకు ఒకే జవాబు, ఒక మార్కు.

1. వడ్లు బాగా ఎండిన తరువాతే తీసుకురావాలని కొనుగోలు కేంద్రంవారు రైతులకు చెప్పి పంపారు. ఒక రైతు కల్లంలో నాలుగు గింజలు తీసి పంటికింద కొరికి, టక్కుమని విరగడంతో బస్తాలు ట్రాక్టరుకు ఎత్తించాడు. కేంద్రంలో తేమ యంత్రం 19 శాతం చూపింది. అనుమతించే పరిమితి 17 శాతం. ఇక్కడి ప్రధాన అవరోధం ఏది?
ఎ) భౌతిక అవరోధం బి) అర్థసంబంధ అవరోధం సి) హోదా భేదం డి) సమాచార భారం
జవాబు: బి. మాట చేరింది, వినిపించింది, రైతు దాన్ని పాటించాడు కూడా. కానీ ‘బాగా ఎండిన’ అనే మాటకు చెప్పినవారి మనసులో యంత్రం చూపే అంకె ఉంటే, విన్నవారి మనసులో పంటికి తగిలే గట్టితనం ఉంది. రైతు అజాగ్రత్తను తప్పుపట్టే జవాబు ఏదీ ఇక్కడ సరికాదు, ఎందుకంటే లోపం సందేశంలో ఉంది.

2. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో బాయిలర్ పైపునుంచి ఆవిరి కారుతోందని, పని ఆపాలని కార్మికుడు సూపర్‌వైజరుకు చెప్పాడు. సూపర్‌వైజరు దాన్ని ‘చిన్న మరమ్మతు ఉంది’ అని మేనేజరుకు చెప్పగా, మేనేజరు యజమానితో ‘పని బాగా నడుస్తోంది’ అన్నాడు. ఇది దేనికి ఉదాహరణ?
ఎ) వడపోత బి) సమాచార భారం సి) గ్రేప్‌వైన్ డి) సమాంతర భావప్రసారం
జవాబు: ఎ. కిందినుంచి పైకి వెళ్లే సమాచారంలో ఈ అవరోధం ఎక్కువ. చెడు వార్త చెప్పినవాడి మీదే కోపం వస్తుందన్న భయంతో ప్రతి మెట్టు దగ్గరా కొంత పదును తగ్గుతుంది. ఇందులో ఎవరూ నియత మార్గం దాటలేదు. నియత మార్గంలో వెళ్లినంత మాత్రాన సమాచారం చెక్కుచెదరదని అనుకోకూడదు.

3. కిందివాటిలో అనియత మార్గానికి చెందినది ఏది?
ఎ) సర్క్యులర్ బి) నోటీసు బోర్డు సి) టీ విరామంలో సహోద్యోగుల సంభాషణ డి) నెలవారీ నివేదిక
జవాబు: సి.

4. ఒకే హోదాలో ఉన్న ఇద్దరు విభాగాధిపతులు, అత్యవసర విషయాన్ని అధికార శ్రేణి అంతా ఎక్కి దిగకుండా, తమ పై అధికారుల అనుమతితో, వారి ఎరుకలో నేరుగా మాట్లాడుకోవడాన్ని 1916లో వెలువడిన తన గ్రంథంలో హెన్రీ ఫేయోల్ ఏ పేరుతో వివరించాడు?
ఎ) చక్రం బి) గ్యాంగ్ ప్లాంక్ సి) క్లస్టర్ డి) ఏకగీత గొలుసు
జవాబు: బి. నేరుగా మాట్లాడుకోవడం కనిపించగానే చాలామంది దీన్ని అనియతమని గుర్తిస్తారు. పై అధికారుల అనుమతి ఉంది కనుక ఇది నియత మార్గమే.

5. జడ్చర్ల దగ్గరి ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు వేళలు మారబోతున్నాయని ఒక గుమస్తా తాను నమ్మిన ముగ్గురికి చెప్పాడు. వారిలో ఇద్దరు విని ఊరుకోగా, మూడో వ్యక్తి తనకు దగ్గరివారైన మరో నలుగురికి చెప్పాడు. ఇది ఏ రకం గ్రేప్‌వైన్?
ఎ) ఏకగీత గొలుసు బి) గాసిప్ గొలుసు సి) సంభావ్యతా గొలుసు డి) క్లస్టర్ గొలుసు
జవాబు: డి. వార్త ఒకరినుంచి ఒకరికే వరుసగా సాగితే ఏకగీత. ఒక్కరే అందరికీ చెబితే గాసిప్. ఎదురుపడినవారికి ఎంపిక లేకుండా చెబితే సంభావ్యత. ఇక్కడ మనుషులను ఎంచుకుని చెప్పడం ఉంది, విన్నవారిలో కొందరే ముందుకు చేరవేశారు. 1953లో కీత్ డేవిస్ తన పరిశీలనలో ఎక్కువగా కనిపించిందని చెప్పింది ఈ రకమే.

6. ప్రకటన: గ్రేప్‌వైన్‌ను సంస్థనుంచి పూర్తిగా తొలగించలేము. కారణం: అది ఉద్యోగుల సామాజిక సంబంధాలనుంచి సహజంగా పుడుతుంది.
ఎ) రెండూ సరైనవి, కారణం ప్రకటనకు సరైన వివరణ బి) రెండూ సరైనవి, కారణం సరైన వివరణ కాదు సి) ప్రకటన మాత్రమే సరైనది డి) రెండూ తప్పు
జవాబు: ఎ.

7. అయిదో ప్రశ్నలోని ఫ్యాక్టరీలో, షిఫ్టుతోపాటు జీతం కూడా తగ్గుతుందని క్యాంటీన్‌లో మాట పుట్టింది. నిజానికి జీతాల్లో మార్పేమీ లేదు. మేనేజరు చేయవలసిన సరైన పని ఏది?
ఎ) మాట పుట్టించినవారిని వెతికి శిక్షించడం బి) దానంతట అదే తగ్గుతుందని మౌనంగా ఉండడం సి) క్యాంటీన్‌లో మాటలు నిషేధించడం డి) షిఫ్టు మార్పు తేదీ, జీతం యథాతథమన్న సంగతి వెంటనే నోటీసు ద్వారా తెలిపి, సందేహాలకు సమావేశం పెట్టడం
జవాబు: డి. జీతం గురించి యాజమాన్యం ఏమీ చెప్పని చోట భయం ఆ ఖాళీని నింపింది. మూడో ఐచ్ఛికాన్ని ఎంచుకునేవారు ఏటా ఉంటారు. నిషేధిస్తే ఆ మాట క్యాంటీన్‌నుంచి బస్సులోకి మారుతుందే తప్ప, జీతం సంగతి ఉద్యోగికి తెలియదు.