కో, సే, మేఁ: ఖాళీలు పూరించండి
ఎనిమిదో తరగతి హిందీ సాధన పత్రం, జవాబులతో

సమయం 40 నిమిషాలు. మొత్తం 25 ఖాళీలు, ఒక్కోదానికి ఒక మార్కు.

ప్రతి ఖాళీలో కో, సే, మేఁలలో ఒకటి రాయండి. ఏదీ అక్కర్లేని చోట × గుర్తు పెట్టండి. అలాంటి ఖాళీలు రెండున్నాయి. హిందీ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇచ్చాం. మేఁ అంటే 'లో', మైఁ అంటే 'నేను'. దేవనాగరిలో రాసేటప్పుడు మొదటిదానికి తల మీద ఒకే గీత, రెండోదానికి రెండు గీతలు. ఇది కలిపేస్తే జవాబు తెలిసినా మార్కు పోతుంది.

మొదటి భాగంలో తెలుగు విభక్తి చూసి రాసినా జవాబు సరిపోతుంది. రెండో భాగంలో అలా రాస్తే చాలాచోట్ల తప్పుతుంది. అక్కడ ముందు వాక్యం చివర ఉన్న క్రియను చదివి, ఆ తర్వాత ఖాళీ దగ్గరికి రండి.

మొదటి భాగం

1. అక్కకు హిందీ వచ్చు.
దీదీ ____ హిందీ ఆతీ హై.

2. డబ్బాలో సకినాలున్నయి.
డిబ్బే ____ సకినాలు హైఁ.

3. రైలు కాజీపేట నుంచి వచ్చింది.
గాడీ కాజీపేట్ ____ ఆయీ.

4. టీచర్ పిల్లలకు పాఠం చెప్పింది.
అధ్యాపికా నే బచ్చోఁ ____ పాఠ్ పఢాయా.

5. తాత కత్తితో మామిడిపండు కోసిండు.
దాదాజీ నే చాకూ ____ ఆమ్ కాటా.

రెండో భాగం

6. నేను అమ్మను అడిగాను.
మైఁనే మాఁ ____ పూఛా.

7. రాజు కుక్కకు భయపడతాడు.
రాజూ కుత్తే ____ డర్తా హై.

8. నేను బస్సులో హన్మకొండకు వెళ్లాను.
మైఁ బస్ ____ హన్మకొండా ____ గయా.

9. బస్సులో చాలా రద్దీగా ఉండె.
బస్ ____ బహుత్ భీడ్ థీ.

10. ఎనుమాములలో కిలో మిర్చి రెండు వందలకు కొన్నాం.
హమ్‌నే ఎనుమాములా మేఁ ఏక్ కిలో మిర్చ్ దో సౌ రూపయే ____ ఖరీదీ.

11. రమ ఊరికి వెళ్లాలి.
రమా ____ గాఁవ్ జానా హై.

12. తమ్ముడు నాకంటే పొడుగు.
ఛోటా భాయీ ముఝ్ ____ లంబా హై.

13. నేను ఒక పుస్తకాన్ని చదివాను, తర్వాత తమ్ముణ్ణి పిలిచాను.
మైఁనే ఏక్ కితాబ్ ____ పఢీ, ఫిర్ భాయీ ____ బులాయా.

14. మేము రెండేళ్లుగా వరంగల్‌లో ఉంటున్నాం.
హమ్ దో సాల్ ____ వరంగల్ ____ రహ్ రహే హైఁ.

మూడో భాగం: పేరా

దీనికి తెలుగు ఇవ్వలేదు. ముందు పేరా అంతా ఒకసారి చదివి తర్వాత నింపండి.

తెలంగానా 2 జూన్ 2014 (15) ____ బనా. రామప్పా మందిర్ ములుగు జిలే (16) ____ హై. 2021 (17) ____ యహ్ యూనెస్కో కీ విశ్వ ధరోహర్ సూచీ (18) ____ ఆయా. వరంగల్ (19) ____ వహాఁ బస్ జాతీ హై. రవివార్ (20) ____ హమ్ లోగ్ వహాఁ గయే. మేరీ బహన్ (21) ____ మూర్తియాఁ బహుత్ పసంద్ ఆయీఁ. ఉస్‌నే గైడ్ (22) ____ బహుత్ సవాల్ పూఛే.

జవాబులు, కారణాలు

1. కో. రావడం, నచ్చడం, ఆకలి, జ్వరం లాంటివాటికి తెలుగులో -కు, హిందీలో కో. ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి. 'నాకు' అనాలంటే ముఝే లేదా ముఝ్‌కో. మన దగ్గర బజార్ల వినిపించే 'మేరేకు' దక్కనీ మాట. మాట్లాడితే తప్పేమీ లేదు, పరీక్షలో మాత్రం రాయొద్దు.

2. మేఁ. డిబ్బా అన్న మాట విభక్తి ముందు డిబ్బే అయింది. చివర 'ఆ' ఉన్న చాలా పుంలింగ పదాలు ఇలాగే మారతాయి: కమ్రా, కమ్రే మేఁ, లడ్కా, లడ్కే కో. పితా, చాచా, దాదా, రాజా మారవు. విభక్తి సరిగ్గా రాసి 'కుత్తా సే' అని వదిలేస్తే వాక్యం తప్పే.

3. సే.

4. కో.

5. సే. పనిముట్టుకు -తో అంటే సే. మనిషి తోడుగా ఉన్నప్పుడు మాత్రం సే రాదు. తమ్ముడితో వెళ్లాను: భాయీ కే సాథ్ గయా. అదే తమ్ముడితో మాట్లాడితే మళ్లీ సే: భాయీ సే బాత్ కీ.

6. సే. ఈ పత్రంలో ఎక్కువ మంది తప్పేది ఇదే. 'అమ్మను' అన్న -ను చూసి కో రాసేస్తారు. పూఛ్నా, మాఁగ్నా, కహ్నా, డర్నా, మిల్నా, ప్యార్ కర్నా: ఈ ఆరు క్రియలకు ఎదుటి మనిషి దగ్గర సే వస్తుంది. కంఠస్థం చేయాల్సిందే. కహ్నాకు సే, బతానాకు కో: మాఁ సే కహా, మాఁ కో బతాయా. మిల్నాలో ఇంకో మెలిక ఉంది. కలవడం అయితే సే (దోస్త్ సే మిలా), దొరకడం అయితే దొరికినవాళ్లకు కో (రవి కో కితాబ్ మిలీ).

7. సే. తెలుగులో -కు ఉంది కాబట్టి కో అనిపిస్తుంది. భయం ఎక్కడి నుంచి పుడుతుందో దానికి హిందీలో సే.

8. సే, ×. ప్రయాణ సాధనానికి సే. వెళ్లే ఊరు పేరు తర్వాత జానా, ఆనాలతో మామూలుగా ఏ విభక్తీ రాదు. 'హన్మకొండా కో గయా' అని రాస్తే అది తెలుగు వాక్యానికి హిందీ బట్టలు తొడిగినట్టే.

9. మేఁ. రద్దీ ఉన్నది బస్సు లోపల. పై ప్రశ్నలో బస్సు ప్రయాణ సాధనం, ఇక్కడ చోటు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి.

10. మేఁ. కొన్న ధరకు తెలుగులో -కు, హిందీలో మేఁ. అమ్మిన ధరకూ అంతే: సౌ రూపయే మేఁ బేచా.

11. కో. తెలుగులో 'రమ' పక్కన విభక్తి లేదు కాబట్టి × పెట్టేస్తారు. జానా హై, కర్నా హై, జానా పడా, చాహియే: 'తప్పదు, కావాలి' అన్న అర్థం వస్తే కర్తకు కో తప్పనిసరి. 'రమా జానా హై' తప్పు. గాఁవ్ దగ్గర ఖాళీ ఇవ్వలేదు, కారణం ఎనిమిదో జవాబులో ఉంది.

12. సే. పోలికకు 'కంటే' బదులు సే చాలు. రాసేటప్పుడు కలిపి ముఝ్‌సే అని రాయాలి.

13. ×, కో. ప్రాణం లేని, ఫలానాదని చెప్పని వస్తువుకు కో రాదు. క్రియ కూడా సాక్ష్యం చెబుతోంది: కితాబ్ స్త్రీలింగం, అందుకే పఢీ. కో పెట్టి ఉంటే క్రియ పఢా అయ్యేది. బులానాతో మనిషికి కో రావాల్సిందే.

14. సే, మేఁ. మొదలై ఇంకా సాగుతున్న కాలానికి సే. పని ఇంత వ్యవధిలో పూర్తయిందని చెప్పాలంటే మేఁ: దో సాల్ మేఁ ఘర్ బనా.

15. కో. తేదీకీ వారానికీ కో.

16. మేఁ.

17. మేఁ. సంవత్సరానికి, నెలకు మేఁ. పదిహేనో ఖాళీలో 2014 కూడా ఉంది కదా అని మేఁ రాయకండి. రోజు ఉంటే కో గెలుస్తుంది.

18. మేఁ.

19. సే.

20. కో. శామ్ కో, రాత్ కో కూడా ఇలాగే. 'పొద్దున్నే' అనడానికి మాత్రం ఒంటరిగా సుబహ్ చాలు.

21. కో. మొదటి ప్రశ్నలోని సూత్రమే.

22. సే. కో రాసినవాళ్లు ఆరో జవాబులోని ఆరు క్రియలను మూడేసి వాక్యాల్లో రాసుకుని రేపు తీసుకురావాలి.