గిరిజన పిల్లల చదువు ఊళ్లోనే మొదలవ్వాలి

గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన్యంలో చాలామంది పిల్లలు మొదటిరోజే తమకు అర్థంకాని భాషలో కూర్చుంటున్నారు. ఆ పిల్లలు మౌనంగా ఉంటే మందబుద్ధి అనుకుంటాం. గోండీ, కోయ, కొలామీ, కువి ద్రావిడ భాషలే కదా, తెలుగు దానంతటదే వస్తుందన్న ధీమా ఒకటి. సవర అయితే ఆ కుటుంబం కూడా కాదు, ముండా భాష.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో వాచకాలు కూడా వచ్చాయి. కానీ ఆ భాష రాని ఉపాధ్యాయుడి చేతిలో ఆ పుస్తకం ఏం చేయగలదు? షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. సరే, పిల్లల భాష వచ్చి ఉండాలన్న అర్హతనైనా నియామకాల్లో పెట్టాలి.

పాఠం మాటకొస్తే, ఈ పిల్లల లెక్కలు వారపు సంతలో ఉన్నాయి. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు అమ్మేటప్పుడు తూకంలో ఎంత పోతోందో, దళారి చెప్పిన ధరకూ గిరిజన సహకార సంస్థ ధరకూ తేడా ఎంతో అమ్మ పక్కన నిలబడి లెక్కకట్టగలిగితే ఆ పిల్లకు తీసివేత ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలో సరిహద్దులు చదవడం కూడా పాఠమే. భౌతికశాస్త్రం, ఇంగ్లీషు వద్దనడం లేదు. అవీ గట్టిగానే కావాలి, ఈ పునాది మీద.

ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఎన్నో ఇళ్లకు మొదటి పట్టభద్రులనిచ్చాయి. ఆ మేలు కాదనలేం. నా అభ్యంతరమల్లా ఆరేళ్ల బిడ్డను అక్కడికి పంపడం మీదే. పిల్లలు తక్కువున్నారని గూడెంలో బడి మూసేస్తే తల్లిదండ్రులకు వేరే దారేది? రాత్రి జ్వరమొస్తే ఎక్కడ నొప్పో చెప్పుకునే భాష తెలిసినవాళ్లు వసతిగృహంలో ఉండరు. సెలవులకు ఇల్లు చేరిన పిల్లవాడు అవ్వతో మాట్లాడటానికి తడుముకుంటాడు.

అయిదో తరగతి వరకు పదిమంది పిల్లలున్నా ఊళ్లోనే బడి, ఆ ఊరి భాష వచ్చిన పంతులు ఉండాలి. ఆ తర్వాతే వసతిగృహం. అక్కడ రాత్రిళ్లు ఉండే నర్సు, పిల్లల భాష తెలిసిన వార్డెన్, ఇంటికి మాట్లాడుకోవడానికి ఒక ఫోను తప్పనిసరి. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏలు వచ్చే విద్యాసంవత్సరం బడ్జెట్ వేసేటప్పుడు వీటికి ముందు నిధులు కేటాయించాలి, కొత్త భవనాల మాట తర్వాత.