నెలకు 500 రూపాయల్లో చర్మ సంరక్షణ: కొత్త ఉద్యోగికి కావలసిన మూడు వస్తువులు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర గది అద్దెకు తీసుకొని, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి మందుల కంపెనీలున్న పైడిభీమవరం వెళ్లి వచ్చే కొత్త ఉద్యోగికి, అద్దె, మెస్ ఖర్చు, ఇంటికి పంపవలసిన డబ్బు పోను చర్మం కోసం నెలకు 500 రూపాయలకు మించి మిగలకపోవచ్చు. ఆ 500 సరిపోతాయి. అయితే వాటిని ఫేషియల్‌కో, తెల్లబరుస్తామనే క్రీముకో, ఫోన్‌లో కనిపించిన సీరమ్‌కో ఇచ్చేయకుండా సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్, ఘాటు లేని ఫేస్‌వాష్ అనే మూడింటికే కేటాయించాలి. డబ్బు తక్కువపడిన నెలలో ఈ వరుసలో చివరి దాన్ని ఆపవచ్చు గానీ మొదటిదాన్ని ఆపకూడదు.

సగానికి పైగా డబ్బు సన్‌స్క్రీన్‌కే పోతుంది. మొటిమ తగ్గాక మిగిలే మచ్చనైనా, బుగ్గల మీది మంగునైనా మరింత నల్లబరిచేది ఎండే కాబట్టి, పగలు దానికి అడ్డు పెట్టకుండా రాత్రి మచ్చల క్రీములు రాయడం దండగ ఖర్చు. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30 అని ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. ఆ ఒక్క శాతం కోసం వంద రూపాయలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. దానికి బదులు యూవీఏ కిరణాలను ఎంతవరకు ఆపుతుందో చెప్పే పీఏ+++ గుర్తు డబ్బా మీద ఉందో లేదో చూడండి. యూవీఏ కిరణాలు అద్దం గుండా కూడా వస్తాయి కాబట్టి, బస్సులో రోజూ కిటికీ పక్కన కూర్చునేవారికి ఇది ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసిన రెండు గీతలంత క్రీము ముఖానికి, మెడకు కలిపి కావాలి. శనగగింజంత రాసుకొని పని చేయడం లేదనేవారే ఎక్కువ. మన తీరప్రాంతపు ఉక్కలో జిడ్డు క్రీములు చెమటతో కళ్లలోకి కారుతాయి కాబట్టి జెల్ రకం మేలు. విభూది పూసినట్టు తెల్లగా మిగిలిపోయేదాన్ని ఎంత చవకైనా కొనకండి, నాలుగు రోజుల తర్వాత మీరే మానేస్తారు. బయట తిరిగే ఉద్యోగమైతే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మందుల కంపెనీల్లో ఉత్పత్తి విభాగంలోకి వెళ్లేవారు ముఖానికి ఏ క్రీమూ రాసుకోకూడదనే నిబంధన సాధారణంగా ఉంటుంది. అటువంటివారు ప్రయాణానికి స్కార్ఫ్, టోపీ వాడాలి, లేదా రాసుకున్నది లోపలికి వెళ్లే ముందు పూర్తిగా కడుక్కోవాలి. ఏది అనుమతిస్తారో సూపర్‌వైజర్‌ను ముందే అడగడం మంచిది.

జిడ్డు చర్మం ఉన్నవారు మాయిశ్చరైజర్ తమకెందుకనుకుంటారు. రోజంతా ఏసీ గదిలో కూర్చుంటే జిడ్డు చర్మం కూడా బిగుసుకుపోతుంది. గ్లిసరిన్ ఉన్న, సువాసన లేని పలుచటి లోషన్ వారికి సరిపోతుంది. ధనుర్మాసపు చలిలో మాత్రం కొంచెం చిక్కటి క్రీము కావాలి.

ఫేస్‌వాష్ విషయంలో చెప్పవలసింది తక్కువే. మన చర్మం స్వల్పంగా ఆమ్ల గుణం కలది, సాధారణ సబ్బు క్షార గుణం కలది. అందుకే సబ్బుతో పదేపదే కడిగిన ముఖం పొడిబారుతుంది. కడిగాక చర్మం కిరకిరలాడితే అది శుభ్రతకు గుర్తు కాదు, ఆ ఫేస్‌వాష్ ఘాటైనదని అర్థం.

ఉదయం నీళ్లతోనో ఫేస్‌వాష్‌తోనో ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసి, కొద్ది నిమిషాలాగి సన్‌స్క్రీన్ పూయాలి. రాత్రి ఇల్లు చేరగానే ఫేస్‌వాష్, ఆపై మాయిశ్చరైజర్. ఏ కొత్త వస్తువునైనా ముందు మోచేతి మడత దగ్గర రెండు రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి వాడండి.

సన్‌స్క్రీన్ ట్యూబు 300, మిగతా రెండూ చెరో 200 అనుకుందాం. మొదటి నెల సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ కొని, రెండో నెల సన్‌స్క్రీన్‌తో పాటు ఫేస్‌వాష్ కొంటే లెక్క 500 దాటదు, ఎందుకంటే 200 రూపాయలవి రెండేసి నెలలు వస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే సున్నిపిండి ఒంటికి మంచిదే గానీ మొటిమలున్న ముఖం మీద రుద్దవద్దు. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడవచ్చు. వీటికంటే ప్రమాదకరమైనవి, మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద ఉంటే డాక్టరు చెప్పకుండా ముఖానికి వాడకండి. మొదట్లో ముఖం తేటబడినట్టనిపించినా, పోనుపోను చర్మం పలుచబడి, ఎర్రబడి, మానేశాక మొటిమలు తిరగబెడతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు, చీము పట్టే మొటిమలున్నవారు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, వెంట తీసుకెళ్లండి.