రేపటి పేపరుకు ముందు ఒక్క పావుగంట

పిల్లలూ, ఈ సాయంత్రం నేను కొత్త పాఠం చెప్పబోవడం లేదు. పుస్తకాలు మూసి సంచుల్లో పెట్టుకుని నా మాట వినండి. రేపు ఉదయం పది గంటలకు మీరు రాయబోయేది స్థూల అర్థశాస్త్రం. 80 మార్కులు, మూడు గంటలు. మీలో చాలామంది ముఖాల్లో భయం కనిపిస్తోంది. ఆ భయం పాఠం రాక కలిగినది కాదని, మీ నోటుబుక్కులన్నీ దిద్దినవాడిగా నేను గట్టిగా చెప్పగలను. అది ఎక్కువగా భాష వల్ల కలిగే భయం.

మన పర్లాకిమిడి పిల్లలకు ఇంట్లో అమ్మతో తెలుగు, బడిలో ఒడియా, రేపటి జవాబు పత్రంలో ఇంగ్లీషు. అందుచేత ప్రశ్న చదవగానే కంఠస్థం చేసిన ఇంగ్లీషు పేరాల్లో ఏది అతుకుతుందా అని వెతకడం మీకు అలవాటైంది. రేపు ఆ పని చేయవద్దు. ప్రశ్న చదివి, ఇక్కడ అడుగుతున్నదేమిటని ముందు మనసులో తెలుగులోనే ప్రశ్నించుకోండి. జవాబు తెలుగులో తట్టిందంటే విషయం మీకు తెలిసినట్టే. దాన్ని ఎనిమిది, తొమ్మిది మాటలకు మించని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో పెట్టండి. దిద్దేవారు చూసేది నిర్వచనం సరిగా ఉందా, సూత్రం ఉందా, పటంలో అక్షాలకు పేర్లు ఉన్నాయా అనే. భాషకు సొగసులు అద్దాలని ఎవరూ ఆశించరు.

జాతీయాదాయం లెక్క తప్పక వస్తుందనుకునే సిద్ధపడండి. అది చూసి కంగారు కలిగితే మన ఊరి కొమ్ము బొమ్మల పనివారిని తలచుకోండి. ఒకాయన 200 రూపాయలకు కొమ్ము కొని, దాన్ని చెక్కి, నునుపు చేసి, రెక్కలు విప్పిన కొంగగా మలచి 900 రూపాయలకు అమ్మాడనుకోండి. కొమ్ము మాధ్యమిక వస్తువు, కొంగ బొమ్మ అంతిమ వస్తువు, ఆయన చేర్చిన విలువ 700. రెండు ధరలూ కలిపి 1100 అని రాశారంటే కొమ్మును రెండుసార్లు లెక్కించినట్టు. ద్వంద్వ గణన అంటే అదే. ఇక ఆయన చేతిలోని ఉలి ఏడాది పొడవునా అరుగుతుంది కదా, ఆ అరుగుదలే తరుగుదల. స్థూలంలోంచి దాన్ని తీసేస్తే నికరం వస్తుంది. మార్కెట్ ధరల నుంచి ఉత్పత్తి కారకాల ఖర్చుకు రావాలంటే పరోక్ష పన్నులు తీసేసి సబ్సిడీలు కలపాలి. ఇచ్చిన అంకెల్లో సబ్సిడీ ఒక మూలన దాక్కుని ఉంటుంది, వేలు పెట్టి వెతకండి.

దేశీయానికీ జాతీయానికీ ఉన్న తేడా దగ్గర మీరు ఎక్కువగా తడబడుతున్నారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన అన్న అక్కడ సంపాదించే కూలి మన దేశపు దేశీయోత్పత్తిలో ఎప్పుడో చేరిపోయింది. ఆయన ఇంటికి పంపే సొమ్ముకు విదేశీ ఆదాయంతో ఏ సంబంధమూ లేదు. ఏళ్ల తరబడి దుబాయిలో స్థిరపడిన మామయ్య పంపేది బదిలీ చెల్లింపు, దాన్ని జాతీయాదాయంలో కలపరాదు. అయితే కొద్ది నెలల పనికి మాత్రమే విదేశం వెళ్లి, మన దేశ నివాసిగానే ఉన్న మనిషి అక్కడ పొందిన జీతం విదేశాల నుంచి వచ్చిన కారక ఆదాయం అవుతుంది, కాబట్టి అది లెక్కలోకి వస్తుంది. డబ్బు ఎవరు పంపారన్నది పక్కన పెట్టి, ఆ మనిషి ఎక్కడి నివాసి, ఆ సొమ్ము ఏ పనికి ప్రతిఫలంగా వచ్చింది అనే రెండే ప్రశ్నలు వేసుకోండి.

గుణకం గురించి ఒక మాట. కిందటి వారం దిద్దిన పేపర్లలో ఒక అమ్మాయిది నా మనసులో ఉండిపోయింది. ముత్యాల్లాంటి అక్షరాలు, చక్కని వివరణ, తీరా చివరి గీతలో 1ని 0.8తో భాగించి 1.25 అని రాసింది. సూత్రం k = 1/(1 − MPC). ఉపాంత వినియోగ ప్రవృత్తి 0.8 అయితే అడుగున మిగిలేది 0.2, గుణకం 5. పెట్టుబడి 100 కోట్లు పెరిగితే ఆదాయం 500 కోట్లు పెరుగుతుంది. మొదట 100, అందులోంచి ఖర్చయ్యే 80, మళ్లీ అందులోంచి 64, ఇలా ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయమవుతూ సాగుతుందని రెండు వాక్యాలు రాస్తే, లెక్క వెనుక ఉన్న ఆలోచన మీకు తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది. ఆ అమ్మాయి ఈ గదిలోనే ఉంది, రేపు ఆ పొరపాటు చేయదని నాకు తెలుసు.

ఎంపీసీ అనే మూడక్షరాలకు రెండు అర్థాలున్నాయని మరవకండి. వినియోగం పాఠంలో అది ప్రవృత్తి. రిజర్వు బ్యాంకు పాఠంలో అది రెపో రేటును నిర్ణయించే ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ. ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు అన్నది ఈ రెండో దాని దగ్గర రాయవలసిన మాట. ఐఎస్, ఎల్ఎం రేఖల పటంలో నిలువు అక్షం మీద వడ్డీ రేటు, అడ్డం అక్షం మీద ఆదాయం. ప్రభుత్వ వ్యయం పెరిగితే ఐఎస్ కుడికి జరిగి రెండూ పెరుగుతాయి. ద్రవ్య సప్లయి పెరిగితే ఎల్ఎం కుడికి జరిగి వడ్డీ తగ్గుతుంది, ఆదాయం పెరుగుతుంది. కీన్స్ తన సాధారణ సిద్ధాంతాన్ని ప్రకటించిన ఏడాది గుర్తుకు రాకపోతే మన ఒడిశా రాష్ట్రం ఏర్పడిన ఏడాదిని తలచుకోండి, రెండూ 1936లోనే.

రేపు ప్రశ్నపత్రం చేతికి రాగానే మొదటి పది నిమిషాలు కలం పట్టకుండా చదవండి. బాగా వచ్చిన పెద్ద ప్రశ్నతో మొదలుపెట్టండి, లెక్కను మాత్రం చివరి అరగంటకు వాయిదా వేయవద్దు. అలసిన బుర్ర కూడికలోనూ తప్పుతుంది. డిగ్రీ రెండో ఏడాది నేను పరీక్ష ముందు రోజు తెల్లవారుజామున మూడు వరకు చదివి, మరునాడు వడ్డీనీ ఆదాయాన్నీ తారుమారు అక్షాల మీద గీసి వచ్చాను. ఆ పటం నాకు ముందు రోజు కళ్లు మూసుకునీ వచ్చు. అందుకే అడుగుతున్నాను, ఈ రాత్రి సూత్రాలున్న ఆ ఒక్క పేజీ మాత్రం ఒకసారి చూసుకుని, పదింటికల్లా దీపం ఆర్పేయండి. ఎవరో ఫోనుకు పంపే ముఖ్య ప్రశ్నల జాబితాలను తెరవవద్దు.

కాశీనగర్, గుణుపురం వైపు నుంచి వచ్చేవారు ఆఖరి బండిని నమ్ముకోకుండా ఒకటి ముందే ఎక్కండి. పాతపట్నం నుంచి వచ్చేవారు ఇద్దరిద్దరు కలిసి ఆటో మాట్లాడుకోండి. అడ్మిట్ కార్డు, రెండు నీలి పెన్నులు, పెన్సిలు, స్కేలు, సాదా కాలిక్యులేటరు ఇప్పుడే సంచిలో పెట్టుకోండి. తొమ్మిదిన్నరకు నేను పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఉంటాను. ఎవరికైనా ఏదైనా కావలసి వస్తే, నా దగ్గర మరో నాలుగు పెన్నులూ, రెండు స్కేళ్లూ ఉంటాయి.