లోడింగ్‌కు ముందు ల్యాబ్ ఫలితాలు: తొడిమ తీసిన తేజ మిర్చి, 560 బస్తాలు, గుంటూరు నుంచి రోటర్‌డ్యామ్‌కు

గుంటూరు, 14 అక్టోబరు 2025

శ్రీనివాస్ గారికి నమస్కారం.

మన కాంట్రాక్టులోని 14 టన్నుల తేజ మిర్చికి ల్యాబ్ రిపోర్టులన్నీ నిన్న సాయంత్రానికి చేతికి వచ్చాయి. ఈ మెయిల్‌కు అన్నీ జత చేస్తున్నాను. ఒక గుట్ట మొదటిసారి తేమలో ఫెయిలైంది. ఆ ఫెయిలైన రిపోర్టు కూడా వీటిలో ఉంది. అది చూశాకే మీరు లోడింగ్‌కు ఒప్పుకోవాలని నా కోరిక. మీరు రాతపూర్వకంగా సరేననే వరకు ఒక్క బస్తా కూడా కంటైనర్ ఎక్కదు.

ముందు సరుకు సంగతి. ఇదంతా ఈ వేసవిలో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ. రెండు కోల్డ్ స్టోరేజీల నుంచి తీశాం కాబట్టి మొదటి నుంచీ రెండు గుట్టలుగానే ఉంచాం, శాంపిళ్ళు కూడా విడివిడిగానే తీయించాం. మొదటి గుట్టలోవి 364 బస్తాలు, వీటిని నీలం దారంతో కుట్టాం. రెండో గుట్టలోవి 196, వీటికి ఎర్ర దారం. బస్తాకు నికరం 25 కిలోలు. రెంటినీ కలిపి ఒకే శాంపిల్ తీస్తే సగటు అందంగానే వచ్చేది, లోపల ఏముందో మాత్రం మీకూ నాకూ తెలిసేది కాదు.

సెప్టెంబరు చివర్లో రెండో గుట్ట బయటకు తీసిన రోజుల్లో ఇక్కడ వానలు పడ్డాయి. చల్లటి కాయకు తడిగాలి తగిలితే పైన చెమ్మ పడుతుంది, ఎండుమిర్చి దాన్ని ఇట్టే పీల్చేస్తుంది. అక్టోబరు 4న వచ్చిన రిపోర్టులో ఆ గుట్ట తేమ 11.8 శాతం. మన కాంట్రాక్టులో గరిష్ఠం 11. అదే రోజు బస్తాలన్నీ విప్పించి, సిమెంటు కల్లం మీద టార్పాలిన్ పట్టాలు పరిచి, పల్చగా ఆరబోశాం. 6 నుంచి 8వ తేదీ దాకా పొద్దున ఎండెక్కాక పరిచి, మంచు దిగకముందే ఎత్తేశాం. 10న మళ్ళీ శాంపిల్ తీస్తే తేమ 10.3 శాతానికి దిగింది. ల్యాబ్ చెప్పే కొలత తేడా 0.3 కలుపుకున్నా 10.6 దాటదు.

ఆరబెట్టడానికి ముందు ఈ గుట్ట 200 బస్తాలు, అంటే 5,000 కిలోలు. తేమ 11.8 నుంచి 10.3కి దిగితే లెక్క ప్రకారం నీటి రూపంలోనే దాదాపు 84 కిలోలు పోతాయి. మిగిలిన దాంతో 196 బస్తాలు నిండాయి. తగ్గిన 4 బస్తాలను మొదటి గుట్టలో అదనంగా ఉన్న కాయతో భర్తీ చేశాం. ఆ అదనపు కాయ కూడా మొదటి గుట్ట శాంపిల్ పరిధిలో ఉన్నదే. తూకంలో మీకు తేడా రాదు, ఈ నష్టం మా ఖాతాలోదే.

ఇక ఫలితాలు. ప్రతి అంశంలో ముందు మొదటి గుట్ట, తర్వాత ఆరబెట్టాక రెండో గుట్ట, చివర పరిమితి.

తేమ: 9.8 శాతం / 10.3 శాతం / కాంట్రాక్టు గరిష్ఠం 11
నీటి చురుకుదనం: 0.54 / 0.57 / మన ఒప్పందం గరిష్ఠం 0.65
ఘాటు: 84,000 / 79,500 ఎస్‌హెచ్‌యూ / కనీసం 75,000
ఆస్టా రంగు: 62 / 58 / కనీసం 55
ఆమ్లంలో కరగని బూడిద: 0.6 శాతం / 0.7 శాతం / గరిష్ఠం 1.25
విరిగిన కాయ: 2.6 శాతం / 2.9 శాతం / గరిష్ఠం 3
తాలు, మచ్చకాయ: 0.8 శాతం / 1.1 శాతం / గరిష్ఠం 2
ఆఫ్లటాక్సిన్ బీ1: 1.4 / 2.7 పీపీబీ / ఐరోపా పరిమితి 5
మొత్తం ఆఫ్లటాక్సిన్: 1.6 / 3.1 పీపీబీ / ఐరోపా పరిమితి 10
ఓక్రాటాక్సిన్ ఏ: 2.2 / 3.9 పీపీబీ / ఐరోపా పరిమితి 20
సాల్మొనెల్లా: 25 గ్రాముల్లో లేదు / లేదు / ఉండకూడదు
సూడాన్ రంగులు 1 నుంచి 4 వరకు: లేవు / లేవు / ఉండకూడదు
ఇథిలీన్ ఆక్సైడ్: ల్యాబ్ కొలవగల కనీస స్థాయికి లోపు / లోపు / ఐరోపా పరిమితి కిలోకు 0.1 మిల్లీగ్రాము

మీరు అన్నిటికంటే ముందు చూసేది ఆఫ్లటాక్సిన్ అని తెలుసు, నాకూ దాని మీదే టెన్షన్. కాయను ఎండబెడితే తేమ పోతుంది గానీ, అప్పటికే బూజు వల్ల పుట్టిన ఆఫ్లటాక్సిన్ పోదు. అందుకని రెండో గుట్టకు ఆరబెట్టక ముందు కూడా ఈ పరీక్ష చేయించాను. అప్పుడు బీ1 2.5 వచ్చింది, ఇప్పుడు 2.7. ఇంత చిన్న తేడా కొలతలో మామూలే. అంటే తేమ ఎక్కువగా ఉన్న ఆ కొద్ది రోజుల్లో బూజు పెరగలేదని అర్థం. అది పెరిగి ఉంటే ఆరబెట్టే పని పెట్టుకోకుండా ఆ గుట్ట మొత్తాన్ని మీ సరుకు నుంచి తీసేసేవాణ్ణి.

ఇంకో విషయం. ఆఫ్లటాక్సిన్ గుట్టంతా సమానంగా ఉండదు. నాలుగు బూజు కాయలు ఒక చోట చేరితే ఆ చోటే అంకె ఎగబాకుతుంది. పై బస్తాల్లోంచి గుప్పెడు తీసి పంపిన శాంపిల్‌ను నేను నమ్మను. గుట్ట పైన, మధ్యన, అడుగున కలిపి 100 చోట్ల నుంచి కాయ తీయించి, ఒక్కో గుట్టకు 10 కిలోల ఉమ్మడి శాంపిల్ చేయించాం. ల్యాబ్ వాళ్ళు దాన్ని మొత్తంగా పొడి కొట్టి, కలిపి, అందులోంచి పరీక్షకు తీసుకున్నారు. మీ వైపు పోర్టులో మన కంటైనర్‌ను తనిఖీకి ఎంచితే వాళ్ళు తీసే శాంపిల్ కూడా ఇలాగే పెద్దదిగా ఉంటుంది కాబట్టి, వాళ్ళ అంకె మన అంకెకు దగ్గరగా రావాలి.

పురుగుమందుల రిపోర్టు మొత్తం జత చేశాను. క్లోర్‌పైరిఫాస్, ఇథియాన్, ట్రైజోఫాస్ రెండు గుట్టల్లోనూ లేవు. దొరికినవి రెండే. అజాక్సీస్ట్రోబిన్ ఎక్కువగా ఉన్నచోట కిలోకు 0.21 మిల్లీగ్రాములు, క్లోరాంట్రానిలిప్రోల్ 0.34. ఐరోపాలో పచ్చి మిరపకు పెట్టిన పరిమితులు వరుసగా 3, 1. కాయ ఎండితే నీరు పోయి మందు అవశేషం చిక్కబడుతుంది కాబట్టి ఎండుమిర్చికి ఆ మేరకు లెక్క వేసుకోవచ్చు. ఆ వెసులుబాటు వాడుకోకుండానే మనం లోపల ఉన్నాం.

మీరు పోయిన వారం అడిగిన ప్రశ్న: గోడౌన్‌లో తీసిన ఫొటోలో మీటరు 10.6 చూపిస్తుంటే ల్యాబ్ 9.8 ఎలా ఇచ్చింది అని. చేతి మీటరు కాయలోని నీటిని నేరుగా కొలవదు, విద్యుత్ గుణాన్ని బట్టి అంచనా కడుతుంది. కాయను కప్పులో ఎంత గట్టిగా అదిమామో, ఆ పూట వేడి ఎంతో, వాటిని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. ల్యాబ్‌లో టోలీన్‌తో మరిగించి, దిగిన నీటినే గొట్టంలో కొలుస్తారు. మీటరు మాకు ఏ బస్తా మిగతావాటికి తేడాగా ఉందో పట్టుకోవడానికి పనికొస్తుంది. కాంట్రాక్టు లెక్కకు ల్యాబ్ అంకే ప్రమాణం. మీ గోడౌన్‌లో కూడా దించాక మీటరుతో చూసి తేడా అనిపిస్తే, వెంటనే టోలీన్ పద్ధతిలో చేయించండి. వేరే పద్ధతిలో చేసి పోలిస్తే మనకు అనవసరమైన వాదన మిగులుతుంది.

విరిగిన కాయ రెండో గుట్టలో పరిమితికి దగ్గరగా ఉంది, 2.9. ఇక్కడ తొడిమలు తీసేటప్పుడు కాయ పెళుసుగా ఉండి విరక్కుండా నీళ్ళు చిలకరించే అలవాటు ఉంది. దానివల్ల కాయ నిండుగా కనిపిస్తుంది, తేమ మాత్రం లోపలికి పోతుంది. మీ సరుకుకు చుక్క నీరు కూడా వద్దని గ్రేడింగ్ ఆడవాళ్ళకు మొదటి రోజే చెప్పాం. దాంతో కొంత విరుగు పెరిగింది, ఆరబోసినప్పుడు తిరగేయడం వల్ల ఇంకొంత. మీరు ఎలాగూ పొడికే వాడతారు కాబట్టి, ఈ రెంటిలో విరుగు వైపే మొగ్గాను.

స్పైసెస్ బోర్డు శాంపిల్‌ను వాళ్ళ మనిషే 10న వచ్చి తీసుకెళ్ళారు. ఆఫ్లటాక్సిన్, సూడాన్ రంగులు రెండిట్లోనూ వాళ్ళ గుంటూరు ల్యాబ్ పాస్ చేసింది, ఆ రిపోర్టు కూడా ఉంది. 2003లో ఫ్రాన్స్‌లో మన మిర్చి ఉత్పత్తుల్లో సూడాన్ రంగు బయటపడ్డాక వచ్చిన తప్పనిసరి పరీక్ష ఇది. ఖర్చూ ఆలస్యమూ అని ఇక్కడ కొందరు విసుక్కుంటారు గానీ, ఆ దెబ్బ తర్వాత గుంటూరు మిర్చి మీద నమ్మకం నిలబడటానికి ఇది ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ నిర్ణయం కావాలి. నా సలహా 560 బస్తాలూ తీసుకోండి. అయితే ఎర్ర దారం బస్తాలను ముందు పొడి కొట్టించి, నీలం దారంవి నిల్వ పెట్టుకోండి. రెండూ పరిమితుల లోపలే ఉన్నా, ఒకసారి తేమ పట్టి ఆరిన కాయ రంగు నిల్వలో కాస్త తొందరగా తగ్గుతుంది. ఎర్ర దారం సరుకు వద్దనుకుంటే మొదటి గుట్ట 364 బస్తాలు మాత్రమే పంపి, మిగతా 196కు వేరే సరుకు వెతికి మళ్ళీ పరీక్షలు చేయిస్తాను. అందుకు రెండు వారాలు పట్టొచ్చు, ఈ ఓడ తప్పిపోతుంది. ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీరు శుక్రవారం, 17వ తేదీ సాయంత్రం లోపు చెబితే 22న, బుధవారం, లోడింగ్ పెట్టుకుంటాం. 20న దీపావళి, హమాలీలు మర్నాడు కూడా రారు. సరుకు చెన్నై పోర్టుకు 25లోపు చేరాలి. కంటైనర్ రాగానే తలుపులు మూసి లోపల నుంచి వెలుతురు ఎక్కడైనా పడుతోందా చూస్తాం, చెమ్మ వాసన ఉంటే తిప్పి పంపేస్తాం. గోడలకు క్రాఫ్ట్ కాగితం, రెండు పక్కలా తేమ పీల్చే సంచులు, పై వరుసకు అట్టలు. దారిలో పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే పైకప్పు నుంచి నీళ్ళు కారేది పై వరుస మీదా, తలుపుల దగ్గరా. అందుకే ఎర్ర దారం బస్తాలను లోపలి వైపు కింది వరుసల్లో పెడతాం. ఆ రోజు వాన ఉంటే లోడింగ్ చేయం, ఆ మాట ముందే చెబుతున్నాను.

రెండు గుట్టల నుంచీ సీలు వేసిన అర కిలో శాంపిళ్ళు నిన్న కొరియర్‌లో పంపాను. అదే సీలు నంబర్లతో ఇంకో జత మా దగ్గర ఏడాది పాటు ఉంటుంది. ఏ రిపోర్టులో ఏ అంకె గురించి అనుమానం ఉన్నా ఫోన్ చేయండి. ఇక్కడ రాత్రి పదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
వెంకటేశ్వర్లు
మిర్చి ఎగుమతులు, గుంటూరు

జత చేసినవి: రెండు గుట్టల ల్యాబ్ రిపోర్టులు, రెండో గుట్ట అక్టోబరు 4 నాటి తేమ రిపోర్టు, అప్పటి ఆఫ్లటాక్సిన్ రిపోర్టు, పురుగుమందుల రిపోర్టు, స్పైసెస్ బోర్డు రిపోర్టు, శాంపిల్ తీసినప్పటి, ఆరబోసినప్పటి ఫొటోలు