నెలసరి: ఏది మామూలు, ఎప్పుడు చూపించుకోవాలి

కొత్తగా మా గైనిక్ ఓపీకి వచ్చిన వాళ్లందరికీ ఈ కాగితం ఇస్తాం. మీ పేరు పిలిచేలోపు చదవండి, ఇంట్లో ఆడపిల్ల ఉంటే తీసుకెళ్లి తనకీ చదివించండి.

లోపలికి రాగానే అడిగే మొదటి ప్రశ్న "లాస్ట్ డేట్ ఎప్పుడు?" అని. చాలామంది పండగతో లెక్క చెప్తారు, "వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందండీ" అని. అదీ పనికొచ్చే లెక్కే, కానీ గోడ మీద క్యాలెండర్‌లో ఒక సున్నా చుడితే ఇంకా మంచిది. డేట్ అంటే బ్లీడింగ్ మొదలైన రోజు, ఆగిన రోజు కాదు. చాలామంది ఆగిన రోజు నుంచి లెక్కేసి "నాకు 20 రోజులకే వచ్చేస్తోంది" అని కంగారు పడతారు, తీరా మొదటి రోజు నుంచి చూస్తే 25 వస్తుంది, అది మామూలే.

సరిగ్గా 28 రోజులకే రావాలని లేదు. పెద్దవాళ్లకి 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు, ఒక నెలకీ ఇంకో నెలకీ నాలుగైదు రోజులు అటూఇటూ అయినా ఫర్వాలేదు. కొత్తగా మెచ్యూర్ అయిన పిల్లలకి మొదటి రెండు మూడేళ్లు 45 రోజుల వరకూ పట్టొచ్చు. బ్లీడింగ్ రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది, మొదటి రెండు రోజులు ఎక్కువ, తర్వాత తగ్గుతూ ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. అది "చెడు రక్తం" కాదు, మెల్లగా బయటికి వస్తోంది కాబట్టి రంగు మారుతుంది, అంతే. చిన్న చిన్న గడ్డలు పడటం, నడుము లాగడం, మొదటి రోజు పొత్తికడుపు నొప్పి కూడా మామూలే, వేడినీళ్ల కాపడానికో ఒక నొప్పి మాత్రకో తగ్గాలి.

తగ్గకపోతే రండి. నొప్పితో బడో ఆఫీసో నెల నెలా మానేయాల్సి వస్తుంటే అది భరించాల్సిన నొప్పి కాదు. "పెళ్లయితే తగ్గుతుంది, పిల్లలు పుడితే తగ్గుతుంది" అని ఏళ్ల తరబడి ఆగిన వాళ్లని చూస్తున్నాం, మాకు చాలా బాధగా ఉంటుంది.

ఎక్కువ బ్లీడింగ్ అంటే ఎంత? గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుంటే, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తుంటే, పది రూపాయల బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతుంటే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే ఎక్కువే. ఈ మధ్య ఒకావిడ మెట్లెక్కితే ఆయాసం అని వచ్చారు, కనురెప్ప కిందకి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది, హిమోగ్లోబిన్ 6.5. ఉండాల్సింది కనీసం 12. నెలకి పది రోజులు బ్లీడింగ్ అవుతోందట, కానీ వాళ్లమ్మకీ అలాగే అయ్యేదని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరికీ ఉన్నంత మాత్రాన మామూలు అయిపోదు.

మూడు నెలలు డేట్ రాకపోయినా (ముందు యూరిన్ టెస్ట్ చేసుకోండి), రెండు డేట్ల మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతూ జ్వరం వచ్చినా, అమ్మాయికి 15 నిండినా మెచ్యూర్ కాకపోయినా చూపించాలి. ఏడాది పాటు ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా సరే, "మళ్లీ వచ్చిందిలే" అనుకోకండి, ఆ వారంలోనే రండి. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ క్యాన్సర్ కాదని చూసుకోవాలి.

డేట్ తప్పాక కడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, ప్యాడ్లు గంటకొకటి నిండుతూ నీరసం వస్తున్నా ఓపీ టైమ్ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి.

పూజకో పెళ్లికో డేట్ వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి, ముఖ్యంగా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు ఉన్నవాళ్లు. ముందు మమ్మల్ని అడగండి. ఇంకో మాట, గర్భసంచి తీయించుకోవడం మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశంలోనే ఎక్కువ. ఎక్కువ బ్లీడింగ్‌కి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, కారణం థైరాయిడ్ అయితే దానికి మందు చాలు. ఎవరైనా ఆపరేషన్ అంటే "ఇంకేదైనా దారి ఉందా?" అని అడగండి, మమ్మల్నైనా సరే.

వచ్చేటప్పుడు గత మూడు డేట్లు, వాడుతున్న మందుల చీటీలు, పాత స్కాన్ రిపోర్టులు తెచ్చుకోండి. కాపర్‌టీ ఉంటే చెప్పండి, దానివల్ల కూడా బ్లీడింగ్ పెరగొచ్చు. పెళ్లి కాని అమ్మాయిలకి పొట్ట మీద నుంచే స్కాన్ తీస్తాం, దానికి నీళ్లు తాగి యూరిన్ ఆపుకుని రావాలి. ఆ రోజు డేట్‌లో ఉన్నా సిగ్గుపడి మానేయకండి, ఎక్కువ బ్లీడింగ్ అని వచ్చేవాళ్లని ఆ రోజు చూడటమే మాకు ఉపయోగం.