సరంగు తాతయ్య స్ప్రైట్: 24×32 గ్రిడ్, 12 రంగులు

తమ్ముడూ,

ఫోన్‌లో చెప్పినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. పని మొదలెట్టే ముందు మొత్తం ఒకసారి చదువు. మధ్యలో సందేహం వస్తే ఊహించి గీసేయకు, అడుగు.

ఆట సంగతి నీకు తెలిసిందే. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వైపు వశిష్ట దాటించే పంటు, దాన్ని నడిపే సరంగు. ఆ సరంగు మా తాతయ్యే. జత చేసిన ఫోటో 1984లో నరసాపురంలో స్టూడియోకెళ్ళి తీయించుకున్నది. ఛాతీ వరకే ఉంది. కింద ఒళ్ళంతా నేను రాసినదాన్ని బట్టి నువ్వే కట్టాలి.

ముందు ఫోటో గురించి మూడు మాటలు. అది పాతబడి ఎర్రబారింది. రంగు ఫోటోలు ఏళ్ళు గడిస్తే అలాగే అవుతాయి, కాబట్టి ఐడ్రాపర్‌తో దాంట్లోంచి ఒక్క రంగు కూడా తీయకు. పైగా స్టూడియో ఆయన మొహాన్ని టచప్ చేసి రెండు షేడ్లు తెల్లగా మార్చాడు. తాతయ్య నలుపు. నలుపంటే నదిలో ముప్పై ఏళ్ళు ఎండకి కాగిన నలుపు. దాన్ని తగ్గించకు. మూడోది, ఫోటో కోసమని ఆయన తువ్వాలు తీసి, నూనె రాసి తల దువ్వుకున్నారు. అలా ఆయన్ని ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఎర్ర తువ్వాలు తలకి చుట్టుకునే ఉండేవారు. అందుకని మొహం ఫోటోలోది, తల మాత్రం నేను చెప్పినది.

గ్రిడ్. ఆట తెర 320×180. దాన్ని సరిగ్గా 6 రెట్లు చేస్తే 1920×1080, అంటే మామూలు టీవీకి సగాలూ పావులూ లేకుండా సరిపోతుంది. నేల టైల్ 16×16. సరంగు గడి 24 వెడల్పు, 32 ఎత్తు. గడి మొత్తం నింపెయ్యకు. పైన రెండు వరసలు, కింద ఒక వరస ఖాళీ. 3వ వరస నుంచి 31 దాకా మనిషి, మొత్తం 29 వరసలు, అవుట్‌లైన్‌తో కలిపే. తువ్వాలుకి 5, మొహానికి 6, చొక్కాకి 9, లుంగీకి 7, పాదాలకి 2. తల పెద్దదిగా కనిపిస్తుంది, కనిపించనీ. నిజం కొలతలతో గీస్తే మొహానికి నాలుగు వరసలు కూడా మిగలవు. అప్పుడిక తాతయ్య ఎందుకు, ఎవరో ఒక మనిషి చాలు.

భుజాల దగ్గర 14 పిక్సెల్ల వెడల్పు. కుడి భుజం ఎడమదాని కంటే ఒక్క పిక్సెల్ కిందకి. ఫోటోలో కూడా చూడు, ఆయన అలాగే వాలి కూర్చున్నారు. ఆ ఒక్క పిక్సెల్ మరిచిపోతే నేను వెనక్కి పంపేస్తాను, ముందే చెబుతున్నా.

రంగులు పన్నెండు, ఇవే. పదమూడోది పారదర్శకం, అది 0వ నంబరు.

```
1  #2B1B24  బయటి గీత
2  #4A2A2A  లోపలి గీత, కళ్ళద్దాల ఫ్రేమ్
3  #7A4630  చర్మం నీడ
4  #A8663F  చర్మం
5  #D0935E  చర్మం మీద వెలుగు
6  #F3EAD3  చొక్కా, మీసం
7  #C9BFA6  చొక్కా నీడ
8  #86879A  చొక్కా లోతు మడత
9  #B5342C  తువ్వాలు
A  #7A1F2B  తువ్వాలు నీడ
B  #35557A  లుంగీ
C  #22364F  లుంగీ నీడ
```

చర్మం నీడని నలుపు కలిపి దించలేదు, ఎరుపు వైపు జరిపాను. నలుపు కలిపితే మట్టి కొట్టుకుపోయినట్టు ఉంటుంది. తెల్ల చొక్కా లోతు మడత మాత్రం కొంచెం నీలం వైపు వెళ్ళింది. నీకు ఏదైనా రంగు నచ్చకపోతే చెప్పు, మార్చే విషయం మాట్లాడుకుందాం. చెప్పకుండా పదమూడో రంగు మాత్రం కలపకు. వరదల నెల సీనూ చలికాలం సీనూ నేను పాలెట్ మార్చే తెప్పిస్తున్నాను, నంబర్లు అటూ ఇటూ అయితే తాతయ్య మీసం ఎర్రగా వస్తుంది.

అవుట్‌లైన్ దగ్గర కాస్త ఆగు, గొడవంతా ఇక్కడే. ఆషాఢ, శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది కదా. ఆ సీనులో నీళ్ళకి నేను పెట్టిన రంగు #A5714A. ఇప్పుడు పైన 4వ నంబరు చూడు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. పంటు అంచున తాతయ్య నిలబడితే మొహమూ చేతులూ నీళ్ళలో కలిసిపోయి చొక్కా, లుంగీ మాత్రం గాల్లో తేలతాయి. నేను మొదట గీసుకున్న బొమ్మకి అచ్చంగా అదే జరిగింది. మా అబ్బాయి చూసి దెయ్యం అన్నాడు.

కాబట్టి చర్మం బయటికి తగిలే ప్రతిచోటా 1వ నంబరుతో ఒక పిక్సెల్ గీత, ఎక్కడా తెగకుండా. చొక్కా దగ్గర అంత పట్టింపు లేదు. ఎడమ పక్క, వెలుగు పడేచోట, 1 బదులు 8 వాడినా సరే, కొంచెం తేలిగ్గా ఉంటుంది. తువ్వాలు పైభాగంలో వెలుగు పక్కన A పెట్టు. లోపలి గీతలకి, అంటే చేయి ఒంటికి ఆనేచోట, లుంగీ మడత దగ్గర, పచ్చి నలుపు వద్దు, ఆ వస్తువు నీడ రంగే చాలు. పాదాల కింద గీత ఉండాలి.

గీత మూల తిరిగేచోట పిక్సెళ్ళు రెండేసి గుమిగూడి మెట్టు బొద్దుగా రాకూడదు. వంపు 3, 2, 1, 1, 2, 3 అన్నట్టు వరసలో దిగాలి. 3, 1, 2 అయితే భుజానికి గడ్డ లేచినట్టుంటుంది. అంచుల్లో సగం పారదర్శకం పిక్సెల్ ఒక్కటి కూడా వద్దు. ఉంటే నిండుగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. చుక్కల షేడింగ్ కూడా వద్దు, ఇంత చిన్న ఒంటి మీద అది గజ్జిలా కనిపిస్తుంది.

మొహం నేనే ఒకసారి పెట్టి చూశాను. 8వ వరస నుంచి 13 దాకా, ఎదురుగా చూస్తున్నప్పుడు ఇలా:

```
. 1 4 3 3 3 3 3 1 .
. 1 2 2 2 2 2 2 1 .
1 4 6 2 5 4 6 2 3 1
1 4 5 4 5 3 4 3 3 1
. 1 4 6 6 6 7 3 1 .
. . 1 4 4 3 3 1 . .
```

మొదటి వరస తువ్వాలు నీడ. రెండోది కళ్ళద్దాల పై ఫ్రేమ్. ఆయనది మందపాటి నల్ల ఫ్రేమ్, కనుబొమలు దాని వెనకే పోయాయి, అందుకే విడిగా గీయలేదు. మూడోదాంట్లో ఒక్కో కంటికీ ఒక తెలుపు, ఒక నలుపు, మధ్యలో ముక్కు వెలుగు. అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చినవి చెవులు. చెవులు పెద్దవి, అవి తగ్గించకు. నోరు లేదు. మీసం కిందే ఉందనుకో. నోటికి ఇంకో వరస ఇవ్వాలంటే గడ్డం పోతుంది, గడ్డం పోతే వయసు పోతుంది. ఈ ఆరు వరసల్లో ఇంతకంటే మంచిగా నీ చేతికి వస్తే మార్చు, నాకేం పట్టుదల లేదు. కానీ కళ్ళద్దాలు, మీసం, చెవులు, ఈ మూడూ ఉండాలి.

వెలుగు ఎప్పుడూ ఎడమ పైనుంచే. ఫోటోలో స్టూడియో లైటు కుడి నుంచి పడింది, దాన్ని పట్టించుకోకు.

బట్టలు: పొట్టి చేతుల తెల్ల చొక్కా, మోచేయి పైకి మడత. ఎడమ భుజం మీద ఇంకో తెల్ల తువ్వాలు మడిచి. నీలం గళ్ళ లుంగీ, అయితే గళ్ళు వద్దు. 7 వరసల్లో గళ్ళు వేస్తే నడుస్తున్నప్పుడు పిక్సెళ్ళు మిణుకుమిణుకుమంటాయి. మోకాళ్ళ దగ్గర C తో ఒక అడ్డగీత, అంతే. చెప్పుల్లేవు. పంటు మీద ఆయన చెప్పులు వేసుకోగా చూడలేదు.

ఫ్రేములు: నాలుగు దిక్కులకి నడక, దిక్కుకి 4. అయిదో వరసలో ఊరికే నిలబడ్డవి 2, చుక్కాని పట్టుకున్నవి 2. మొత్తం 20, షీట్ 96×160. ఎడమవైపు నడకని కుడివైపుది తిప్పేసి ఇవ్వకు. తిప్పితే భుజం మీద తువ్వాలు కుడికి పోతుంది, వెలుగూ పోతుంది, వాలిన భుజమూ మారుతుంది. నాలుగు ఫ్రేముల పని ఎక్కువే, తెలుసు, డబ్బులో కలిపాను. నడకలో తల ఒక్క పిక్సెల్ కంటే ఎక్కువ ఎగరకూడదు. కుర్రాడి నడక కాదు.

పద్ధతి విషయంలో ఒకటే షరతు. ఫోటోని చిన్నది చేసి మొదలెట్టకు. ఇంతకు ముందు ఒకాయన అలాగే చేసిచ్చారు. నలభై రెండు రంగులు, అంచులన్నీ అలుక్కుపోయినవి, అవి శుభ్రం చెయ్యడానికి రెండు రాత్రులు కూర్చుని చివరికి పారేశాను. ఖాళీ గడిలో మొదలెట్టు. ఏస్‌ప్రైట్‌లో కలర్ మోడ్ `Indexed` పెట్టుకుని, ముందు 1వ నంబరొక్కదానితో నిండు నీడబొమ్మ వెయ్యి. అది చూడగానే తువ్వాలు చుట్టిన, భుజం వాలిన, చెవులున్న ముసలాయన అని తెలిస్తేనే రంగు వెయ్యాలి. ఆ నీడబొమ్మ నాకు ముందు పంపు, బుధవారం సాయంత్రానికి. తర్వాత ఒక్క నిలబడ్డ ఫ్రేము రంగుల్లో. అది ఓకే అన్నాకే మిగతా పందొమ్మిది.

పంపేముందు మూడు రంగుల మీద పెట్టి చూడు: ఎర్రనీరు #A5714A, చలికాలం నీళ్ళు #4F7F86, పంటు చెక్క #6B5140. చెక్క మీద పాదాలు పోతే చెప్పు, చెక్కే మారుస్తాను.

ఇవ్వాల్సినవి:

```
sarangu.aseprite
sarangu_96x160.png
sarangu.gpl
```

పెద్దది చేసి చూపించాలంటే నియరెస్ట్ నైబర్‌తోనే, 6 రెట్లు. వాట్సాప్‌లో ఫోటోగా పెట్టకు, నొక్కేసి పాడుచేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు.

డబ్బు 4,500. సగం ఈ రాత్రికే వేస్తాను, సగం షీట్ అందాక. దిద్దుబాట్లు రెండుసార్లు, మూడోసారి అడిగితే విడిగా ఇస్తాను. ఆటలో నీ పేరు ఉంటుంది. నీ పనుల్లో చూపించుకో, నాకు అభ్యంతరం లేదు. తాతయ్య ఫోటో మాత్రం ఎక్కడా పెట్టకు.

ఓకే అనేది నేను కాదు, అమ్మమ్మ. ఎవరని చెప్పకుండా చూపిస్తాను. నెల కిందటే కంటి ఆపరేషన్ అయింది, ఫోన్‌లో చిన్న బొమ్మలు చూడనంటోంది. హాల్లో టీవీకి పెడతాను. అందుకే నిలబడ్డ ఫ్రేముని 6 రెట్లు చేసినది ఒకటి, ఎర్రనీరు మీద పెట్టి, విడిగా పంపించు. ఆదివారం ఆవిడ గుడి నుంచి వచ్చేసరికి నా దగ్గర ఉండాలి.

అక్క